క్లిప్పు ఎక్కడుందయ్యా ఇశ్రాయేలూ?

చల్లపల్లి సెంటర్లో ఇశ్రాయేలు తుమ్మితే అవనిగడ్డలో గొడుగులు విప్పేవారట. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఇశ్రాయేలే పుట్టించి తనే వాడకంలో పెట్టాడు. ఎవరైనా నవ్వితే, "గొడుగులు విప్పినోళ్ళలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు, వెళ్ళి అడిగి చూడండి" అనేవాడు.

చదువు పదో తరగతి లెక్కల పరీక్ష సగం దాకా నడిచింది. మిగతా సగం అతనికి నచ్చలేదు. "పేపరు ఇచ్చినోడికే జవాబులు తెలీక నన్నడుగుతున్నాడు, నేనేం చెబుతాను?" అని లేచొచ్చేశాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు మైకు ఆటో. చీరల తగ్గింపు, తప్పిపోయిన గేదె, సర్కస్, కంటి పరీక్షలు, ఏదైనా సరే అతని నోట్లో పడితే చెవులు రిక్కించాల్సిందే. చివరికి జనం చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, ఆటో మూలపడింది. మూడేళ్ళ కిందట వరి రైతులంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి అతన్ని పిలిచి, "నారు పొయ్యకుండా, బెజ్జాల డ్రమ్ముని మడిలో లాగే డ్రమ్ సీడర్‌తో విత్తుకోవడం ఎలాగో ఊరూరా చెప్పు" అంది. రెండున్నర గంటల ఉపన్యాసం, నెల జీతం, చేతిలో మైకు. ఇశ్రాయేలు దృష్టిలో దానికి మించిన రాజ్యం లేదు.

ఆ రాజ్యానికే ఇప్పుడు ముప్పొచ్చింది.

తెచ్చింది బసవపున్నయ్య. ఎకరన్నర రైతు, అరవై దాటినవాడు, మాట కటువు. కిందటి సీజన్లో ఇశ్రాయేలు మీటింగుకి వచ్చి, మధ్యలో ఫోనొస్తే బయటికెళ్ళి, పావుగంటకి తిరిగొచ్చి కూర్చున్నాడు. అప్పటికి ఇశ్రాయేలు మంచి ఊపు మీదున్నాడు. "నానేసిన విత్తనాల్ని రెండ్రోజులు గోనెసంచిలో మండె కట్టి వదిలేస్తే, మొలకలు వేలెడంత పొడుగొచ్చి, చూస్తుంటే ముచ్చటేస్తుంది!" అంటున్నాడు. అది చెయ్యకూడని పని. ఆ సంగతి పది నిమిషాల ముందు ఒక్కసారి చెప్పి, మధ్యలో మేనమామ పెళ్ళీ, ఎద్దుబండి మీద పరిగెత్తిన పంతులూ చెప్పుకుంటూ పోయాడు. బసవపున్నయ్యకి ముచ్చట ఒక్కటే వినపడింది. అలాగే మండె కట్టాడు. వేలెడు మొలకలు డ్రమ్ము బెజ్జాల్లోంచి జారకుండా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉండిపోయాయి. లాగితే విరిగాయి. మడి మళ్ళీ విత్తుకోవాల్సొచ్చింది. ఆయన నేరుగా సంఘానికి వెళ్ళి ఫిర్యాదు చేశాడు.

"నేను చెప్పింది సరిగ్గానే చెప్పాను. ఆయన బయటికెళ్తే నాదా తప్పు?" అన్నాడు ఇశ్రాయేలు.

సంఘం తరఫున శిక్షణలు చూసే షహనాజ్ విజయవాడ నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళ పిల్ల, గొంతు పెంచదు. అందుకే ఇశ్రాయేలుకి ఆవిడంటే భయం.

"రెండున్నర గంటల్లో బయటికెళ్ళనివాళ్ళు ఉంటారా ఇశ్రాయేలు గారూ? తిరిగొచ్చినవాళ్ళకి ఎక్కడున్నామో తెలియాలి కదండీ. వచ్చే మీటింగు నేనే చూస్తాను. అయిపోయాక ఎవరో నలుగుర్ని లేపి, ఏం చెయ్యాలో అడుగుతాను. ముగ్గురైనా సరిగ్గా చెప్పకపోతే ఇక మీదట వీడియో వేసేద్దాం. మీరు కుర్చీలు సర్దే పని చూద్దురుగాని."

"వీడియోనా మేడం? వీడియోకి చెమట పడుతుందా, రైతు మొహం చూస్తుందా?"

"వీడియో మేనమామ పెళ్ళికి వెళ్ళదండీ."

ఇశ్రాయేలు ఇంటికొచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి. షహనాజ్ ఒక కాగితం కూడా ఇచ్చింది. మొదట్లోనే ఎన్ని భాగాలో చెప్పమంది. ఒకటి ముగియగానే ముగిసిందనీ, రెండోదానికి వెళ్తున్నామనీ చెప్పమంది. పక్కదారి పడితే పక్కదారి అనీ, వెనక్కొస్తే వెనక్కొచ్చాననీ చెప్పమంది.

"ఇరవయ్యేళ్ళు మైకులో మాట్లాడినోడికి ఇప్పుడు 'వస్తున్నా, వెళ్తున్నా' నేర్పుతున్నారు" అని కాగితం భార్య రూతు ముందు పడేశాడు.

రూతు చర్చిలో ఊడ్చి, కుర్చీలేసి, ఆదివారం పాటల నంబర్లు పెట్టే మనిషి. కాగితం చదివి, "సరే, నాకు చెప్పు. నేనే రైతుని" అంది చిక్కుళ్ళు తుంచుతూ.

మొదటి రోజు పొద్దున్న ఇశ్రాయేలు పది నిమిషాలు చెప్పగానే రూతు, "ఆగాగు. ఇప్పుడు నువ్వు మడిలో ఉన్నావా, పెళ్ళిలో ఉన్నావా?" అంది. రెండో రోజు కాగితంలో ఉన్నదంతా మాటకి ముందొకటి, వెనకొకటి తగిలించాడు. "ఇప్పుడు నేను విత్తనం గురించి చెప్పబోతున్నాను. విత్తనం గురించే చెబుతున్నాను. విత్తనం గురించి చెప్పడం అయిపోవస్తోంది..."

"రైల్వే స్టేషన్లో చెప్పినట్టుంది. ఏ ప్లాట్‌ఫారం?" అంది రూతు.

"ఏం చేసినా తప్పేనా? తక్కువ చెబితే దారి తెలీదు, ఎక్కువ చెబితే రైలు!" ఇశ్రాయేలు చిక్కుళ్ళ పళ్ళెం తోసేశాడు. రూతు నింపాదిగా ఏరుకుంది.

"మలుపు దగ్గరే చెప్పాలయ్యా, అడుగడుక్కీ కాదు. అయినా ఒక్కసారి నోటితో అన్నది ఎంతసేపు నిలుస్తుంది? శౌరమ్మత్తని చూడు. ప్రసంగంలో హాయిగా నిద్రపోతుంది. లేచి గోడ మీద పాటల బోర్డు చూసుకుంటుంది. ఇంకెన్ని పాటలున్నాయో, కోడి కూర ఎంత దూరంలో ఉందో తెలుసుకుని మళ్ళీ పడుకుంటుంది. ఎవర్నీ అడగదు."

ఆ ఆలోచన తనకు రాలేదని ఇశ్రాయేలుకి కడుపుమంట. మధ్యాహ్నానికి మాత్రం పాస్టర్ గారిని అడిగి, స్టోర్ రూములో పడున్న పాత బోర్డు సైకిలు మీద పెట్టుకొచ్చాడు. గాళ్ళు తీసిన చెక్క, ఆ గాళ్ళలోకి జారే అట్టముక్కలు. రూతు పెద్ద అక్షరాలతో అయిదు ముక్కలు రాసింది. విత్తనం. మడి. డ్రమ్ము. కలుపు. నీళ్ళు. బట్టలారేసే ఎర్ర క్లిప్పొకటి అంచుకి పెట్టింది. "నువ్వు ఏ ముక్క చెబుతుంటే క్లిప్పు ఆ ముక్క మీద. అంతే."

ఇశ్రాయేలు రూతు చూడకుండా ఆరో ముక్క రాసి అడుగు గాడిలో దూర్చాడు. కొరమేను.

ఆ కొరమేను అతని ప్రాణం. తుఫాను ఏడాది కాలవలో దాన్ని పట్టబోతే, అదే ఇతన్ని పట్టుకుని మోపిదేవి దాకా లాక్కుపోయిందట. ప్రతి మీటింగులోనూ చెబుతాడు, ప్రతిసారీ చేప ఒక అడుగు పెరుగుతుంది.

జూన్ రెండో వారంలో సంఘం గోడౌన్లో మీటింగు. రేకుల కప్పు కింద నలభై మంది. ముందు వరసలో చేతులు కట్టుకుని బసవపున్నయ్య. వెనక నోటు పుస్తకంతో షహనాజ్.

"అయిదు సంగతులు" అని మొదలుపెట్టాడు ఇశ్రాయేలు. "బోర్డు మీదున్నాయి. క్లిప్పు ఎక్కడుంటే మనం అక్కడ. ఒకటోది, విత్తనం."

బాగానే నడిచింది. ఇరవైనాలుగు గంటలు నానబెట్టడం చెప్పాడు. ఇరవైనాలుగు గంటలు మండె కట్టడం చెప్పాడు. "ఇప్పుడు చెయ్యకూడనిది చెబుతున్నా, చెయ్యకూడనిది" అని చెయ్యెత్తి, వేలెడు మొలకల సంగతి చెప్పాడు. చెయ్యి దించి, "చెయ్యకూడనిది అయిపోయింది. చెయ్యాల్సిందేంటంటే, గింజ ముక్కు పగిలి మొలక తొంగిచూడాలి, అంతే. ఒకటోది ముగిసింది" అన్నాడు. క్లిప్పు మడి మీదకి జరిపాడు. దమ్ము, చదును, నీళ్ళు తీసేసి పల్చటి బురద ఉంచడం, అన్నీ వరసలో పడ్డాయి. తన గొంతు తనకే కట్టేసిన గేదెలా అనిపించింది. తాడు పొడవెంతో అంతే మేత.

మూడోదానికి వచ్చాడు. డ్రమ్ము నిండా పొయ్యకూడదు, మూడొంతుల్లో రెండొంతులే, లేకపోతే గింజ సరిగ్గా పడదు. ఆ "పడదు" దగ్గరే జారాడు. "పడడం అంటే గుర్తొచ్చింది, తుఫాను ఏడాది నేను కాలవలో పడ్డప్పుడు..."

తాడు తెగింది. ఇశ్రాయేలు కళ్ళు మెరిశాయి. చేప ఇంకా కాలవలోకి రాకముందే బసవపున్నయ్య లేచాడు.

"ఏవోయ్ ఇశ్రాయేలూ, క్లిప్పు ఎక్కడుందయ్యా?"

"డ్రమ్ము మీదండీ."

"మరి డ్రమ్ములో చేపేంటి? పోయినేడు నీ మేనమామ పెళ్ళి మొలకెత్తి నా మడి పోయింది. ఈయేడు చేపని విత్తమంటావా?"

గోడౌనంతా నవ్వింది. షహనాజ్ నోటు పుస్తకంలో ఏదో రాసింది. ఇశ్రాయేలుకి ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళలో అతని మాటకి ఎవడూ అడ్డు తగల్లేదు. ఇప్పుడు తన బోర్డే తన మీద సాక్ష్యం చెబుతోంది. మైకు అక్కడే వదిలేసి పోదామనిపించింది. సర్దాల్సిన కుర్చీలు కళ్ళ ముందు కదిలాయి.

"పక్కదారి పట్టానండి" అన్నాడు పళ్ళు నూరుతూ. "వెనక్కొస్తున్నా. మూడోది, డ్రమ్ము. రెండొంతులే పొయ్యాలి అన్నదగ్గర ఆగాం."

నాలుగోది సగంలో ఉండగా వాన అందుకుంది. రేకుల మీద వెయ్యి డప్పులు. మైకు కూడా మునిగిపోయింది. కొందరు గుమ్మం దగ్గరికెళ్ళారు, కొందరు టీ తెచ్చుకున్నారు, కొందరు ఫోన్లలోకి దూరారు. ఇశ్రాయేలు పావుగంట నిలబడి, "అయిపోయింది నా బతుకు. వీళ్ళింక ఎక్కడి నుంచి అందుకుంటారు?" అనుకున్నాడు.

వాన తగ్గింది. అతను నోరు తెరిచేలోపే టీ గ్లాసుతో వచ్చిన ఒకాయన బోర్డు వంక చూసి, "కలుపులో ఉన్నాం. ఇంకా నీళ్ళున్నాయి" అని పక్కవాడికి చెప్పాడు. పక్కవాడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఎవరూ "ఎందాకా వచ్చాం" అని అడగలేదు. ఇశ్రాయేలు బోర్డు పక్కకొచ్చి, "నాలుగోదే. మందు ఎప్పుడు కొట్టాలన్నదగ్గర ఆగాం" అని అందుకున్నాడు.

చివర్న షహనాజ్ నలుగుర్ని లేపింది. ముగ్గురు గడగడా చెప్పారు. నాలుగోవాడు బసవపున్నయ్య.

"మండె ఎన్ని గంటలండీ?"

"ఒక్క రోజు. ముక్కు పగలాలి. వేలెడు మొలక చెయ్యకూడనిది. చెయ్యెత్తి చెప్పింది చెయ్యకూడనిది, దించాక చెప్పింది చెయ్యాల్సింది." ఇశ్రాయేలు వైపు తిరిగాడు. "ఈ ముక్క పోయినేడే చెబితే సరిపోయేది కదా."

షహనాజ్ పుస్తకం మూసింది. "వీడియో అక్కర్లేదులెండి ఇశ్రాయేలు గారూ. బోర్డు మాత్రం ప్రతి ఊరికీ తీసుకెళ్ళండి" అని బస్సుకి వెళ్ళిపోయింది.

బతుకు నిలబడింది. ఇశ్రాయేలుకి మాత్రం సంతోషం రాలేదు. నలుగురూ గంటలు చెప్పారు, ఒంతులు చెప్పారు, అతని గొంతు గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. విసురుగా క్లిప్పు పీకి జేబులో వేసుకుని, బోర్డు ఎత్తబోయాడు.

"అక్కడ పెట్టు" అన్నాడు బసవపున్నయ్య. ఏడెనిమిది మంది ఇంకా కుర్చీల్లోనే ఉన్నారు. "ఆరోది మిగిలింది కదా. కొరమేను అని రాసుంది. క్లిప్పు అక్కడికి రాందే మీటింగు ఎలా అయిపోతుంది?"

ఇశ్రాయేలు గుండె పొంగింది. గొంతు సవరించుకున్నాడు. ఛాతీ విరుచుకున్నాడు. క్లిప్పు ఆరో ముక్కకి తగిలించి, చెయ్యి గాల్లోకి లేపి, "తుఫాను ఏడాది..." అన్నాడు.

"ఆగవయ్యా" అన్నాడు బసవపున్నయ్య. "ముందు ఎన్ని భాగాలో చెప్పు. చెయ్యెందుకెత్తావ్, ఇది చెయ్యకూడనిదా?"

ఇశ్రాయేలు చెయ్యి దించాడు. ముఖం కందగడ్డ అయింది. వెళ్ళిపోదామనుకున్నాడు గాని, ఎదుట ఎనిమిది మంది వినేవాళ్ళున్నారు.

"మూడు" అన్నాడు పళ్ళ బిగువున. "ఒకటోది కాలవ. రెండోది చేప. మూడోది, నమ్మనోళ్ళకి ఏమైందో."

"ఆఁ. అలా చెప్పు" అని బసవపున్నయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.