బోర్డు చూసి చెప్పిన పేరు

సూరత్‌లో మా చిన్న వ్యాపారుల క్లబ్బులో ఒక్కో పనికి ఒక్కడే సభ్యుడు. ప్రతి ఆదివారం పొద్దున భేస్తాన్‌లో ఒక టీ హోటల్లో కలిసి, ఒకరికొకరు గిరాకీలు చూపించాలి. ముందు గిరాకీతో మాట్లాడి, ఆ తర్వాతే వాళ్ల పేరు క్లబ్బులో చెప్పాలన్నది నియమం.

మగ్గాల మోటార్లు బాగుచేసే నాకు అప్పట్లో పనే లేదు. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. క్లబ్బులోనే టెంపో నడిపే ఒక అన్న పల్సానాలో ఒక మిల్లు పేరు చెబితే పరుగున పోయాను. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. లోపల ఎవరికీ నా సంగతి తెలియదు.

మరుసటి వారం ఆయనే లేచి నాకు ఇంకో మిల్లు పేరు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, నేనొస్తనని వాళ్లకు చెప్పినవా?"

"లేదు తమ్మీ. తొవ్వల బోర్డు చూసిన. ఉత్త చేతులతోని ఎట్ల కూసుంట? ఇజ్జత్ పోదా?"

"నీ ఇజ్జత్ కోసం నన్ను గేట్ల పొంటి తిప్పుతవా? లేకుంటే లేదని చెప్పు!"

ఆయన తల దించుకుని, "ఈ వారం ఏం లేదు" అన్నాడు. పక్కనున్న రంగుల వ్యాపారి కూడా లేచి అదే అన్నాడు. తర్వాత దారం అమ్మేవాడు. ఆ మాట బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి, నా కోపం ఎవరి మీద చూపాలో తెలియకుండా పోయింది.

"నా దగ్గర కూడ ఏం లేదు" అన్నాను.