శంకువు లెక్కకు ఒక్క మార్కు

జ్ఞానేశ్వరి టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని భవానీపురంలో ఆ ప్రైవేటు స్కూలు పిల్లలందరికీ తెలుసు. ఇంట్లో భర్త వెంకటేశ్వరరావు గారు కూడా కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పాలంటే ముందు ఆవిడ మొహం చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తారు. ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతోంది. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో నిలబడి వస్తుంది, నిలబడే పాఠం చెబుతుంది, నిలబడే తిరిగి వెళుతుంది. కోప్పడినా చెప్పింది చేస్తుందన్న పేరు మాత్రం ఉంది. ఏటా మొదటి రోజే క్లాసులో ఒక మాట అంటుంది: "జవాబు తప్పయినా పరవాలేదురా, స్టెప్పులు చూస్తాను. ఒక్కో స్టెప్పూ చూస్తాను."

అలాంటి మనిషి బల్ల మీద సోమవారం పొద్దున ఒక ఉత్తరం పెట్టి ఉంది. రూళ్ల కాగితం, గుండ్రటి చేతిరాత.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, పదో తరగతి ఇఫ్రా రాయునది. శనివారం పరీక్షలో పన్నెండో ప్రశ్నకు నాకు నాలుగు మార్కులకు ఒక్కటే వేశారు. ధాన్యం రాశి శంకువు ఆకారంలో ఉంది, అడుగు వ్యాసం 8 మీటర్లు, ఏటవాలు ఎత్తు 5 మీటర్లు, ఘనపరిమాణం ఎంత అని అడిగారు. నేను వ్యాసార్థం 4 తీసుకున్నాను. ఏటవాలు ఎత్తు వర్గంలోంచి వ్యాసార్థం వర్గం తీసేసి, వర్గమూలం కట్టి, ఎత్తు 3 తెచ్చాను. తర్వాత మీరు చెప్పిన సూత్రంలో వేసి 50.29 ఘనపు మీటర్లు రాశాను. ఏ స్టెప్పు తప్పో దయచేసి చెప్పండి. ఆ మూడు మార్కులు పోయినందుకు నన్ను ఎ సెక్షన్ నుంచి బి సెక్షన్‌కి పంపించారు."

జ్ఞానేశ్వరికి ఒళ్లు మండింది. మొన్న మొన్నటిదాకా స్కేలు పట్టుకోవడం రాని పిల్ల ఇవాళ సంజాయిషీ అడుగుతోందా? అడగాలనుకుంటే ఎదురుగా వచ్చి అడగాలి గానీ ఈ ఉత్తరాలేమిటి? తన క్లాసులో ఎదురుగా వచ్చి అడిగిన పిల్లలు ఎంతమందో మాత్రం ఆ క్షణంలో ఆవిడకు గుర్తు రాలేదు. పిల్ల నోరు మూయించాలనే పంతంతోనే బీరువా తీసి పేపర్ల కట్ట బయటికి లాగింది.

ఇఫ్రా పేపరు చూసింది. రెండోసారి చూసింది. ఏ స్టెప్పూ తప్పు లేదు. మరి ఎర్ర ఇంకు గీత ఎందుకు పడింది? హెడ్డాఫీసు నుంచి వచ్చిన జవాబుల కీ తీసింది. అందులో జవాబు 83.81. ఎలా వచ్చిందా అని కట్టి చూస్తే, ఎత్తు ఉండాల్సిన చోట ఏటవాలు ఎత్తు 5 వేసేశారు. ఎత్తు కనుక్కునే స్టెప్పే కీలో లేదు.

శనివారం సాయంత్రం ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. నూట డెబ్భై పేపర్లు, ఆదివారం పొద్దునకల్లా తల్లిదండ్రుల ఫోన్లకు దిద్దిన పేపర్ల ఫొటోలు, ర్యాంకులు వెళ్లాలి, సోమవారానికి సెక్షన్లు మారిపోవాలి. కీ పక్కన పెట్టుకుని చివరి జవాబులు చూసుకుంటూ వెళ్లిపోయింది. 83.81 ఉంటే నాలుగు, లేకపోతే సూత్రానికి ఒకటి. బుర్ర పెట్టకుండా ఐదు వేసేసిన వాళ్లందరికీ నాలుగు మార్కులు. వాళ్లు అరవై రెండు మంది. ఆలోచించిన పిల్ల కింది అంతస్తులో, బి సెక్షన్‌లో కూర్చుంది.

ఉత్తరం వెనక పక్క ఇంకో రెండు వాక్యాలున్నాయి. "మా అబ్బా కాశిం గారు కళ్లాలకు గోనె సంచులు వేస్తారు. నాలుగు మార్కులొచ్చిన వాళ్లు ఎత్తు 5 వేశారని చెబితే, ఎనిమిది మీటర్ల అడుగు మీద ఐదు మీటర్ల ఎత్తు రాశి పోస్తే నిలబడదు, ధాన్యం జారిపోతుంది అన్నారు."

ఆ మాట చదివాక సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. సిగ్గు వచ్చినప్పుడు కూడా ఆవిడకు కోపమే ముందు వస్తుంది. కీ, పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ అనంతకృష్ణ గది తలుపు తోసింది.

"ఏంటండీ ఇది? హెడ్డాఫీసులో కీ చేసేవాళ్లకి ఏటవాలు ఎత్తుకీ ఎత్తుకీ తేడా తెలీదా? అరవై రెండు మందికి ఊరికే మార్కులేశాం!"

అనంతకృష్ణ పేపరు చూశాడు. ఆయనా ఒకప్పుడు ఫిజిక్సు చెప్పినవాడే, అర్థం కాకపోలేదు.

"నిజమేనండీ. కానీ ర్యాంకులు వెళ్లిపోయాయి కదా. ఇప్పుడు అరవై రెండు మందికి మార్కులు తీస్తే పేరెంట్స్ అంతా ఇక్కడే కూర్చుంటారు. ఆ అమ్మాయికి మూడూ ఇచ్చేయండి, ఎ సెక్షన్‌కి తెచ్చేయండి. రిజిస్టర్లో 'కూడికలో పొరపాటు' అని రాసి సంతకం పెట్టండి. సరిపోతుంది."

"కూడికలో పొరపాటు లేదు కదండీ."

"ఏదో ఒకటి రాయాలి కదా మేడమ్. మీకే మంచిది, మీ పేరు కూడా బయటికి రాదు."

జ్ఞానేశ్వరి రిజిస్టరు తీసుకుంది. నిజం చెప్పాలంటే ఆ మాట ఆవిడకు తియ్యగానే వినిపించింది. ఇరవై రెండేళ్లలో ఒక్క పిల్లకూ "నాది తప్పు" అని చెప్పలేదు. పిల్లకు మార్కులు వస్తాయి, తన పరువు నిలుస్తుంది, ఇంకేం కావాలి అనుకుంటూ మెట్లు దిగి బి సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడి ఇఫ్రాని పిలిచింది.

ఇఫ్రా వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎప్పుడూ తల వంచుకునే పిల్ల ఆ రోజు వంచలేదు.

"మార్కులు వేసేశానమ్మా. కూడికలో పొరపాటు పడింది. పద, నీ సీటు నీకుంది."

"కూడికలో కాదు మేడమ్," అంది ఇఫ్రా. "పన్నెండో ప్రశ్న పక్కన ఒకటి అని మీరే వేశారు. కూడిక కరెక్టుగానే ఉంది, నేను మూడుసార్లు కూడి చూశాను. నేను మార్కులు ఇమ్మనలేదు మేడమ్. ఏ స్టెప్పు తప్పో చెప్పమన్నాను. నిన్నంతా మా అమ్మి నా మీద అరిచింది, తెలిసిన లెక్క కూడా చెడగొట్టుకున్నానని. చెడగొట్టుకున్నానా మేడమ్?"

అరవడానికి నోరు తెరిచింది జ్ఞానేశ్వరి. కోపం వచ్చింది, కానీ ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. హెడ్డాఫీసు మీద పెడదామంటే పెన్ను తన చేతిలో ఉంది. ప్రిన్సిపాల్ మీద పెడదామంటే రిజిస్టరు తన చేతిలో ఉంది. ఎదురుగా ఉన్న పిల్ల కళ్లలో నీళ్లు లేవు, ఉడుకుమోతుతనమూ లేదు. ఉన్నది కోపం. ఆ కోపం న్యాయమైనదని ఆవిడకు తెలుస్తూనే ఉంది.

"లేదమ్మా," అంది. "నీ లెక్కలో ఏ స్టెప్పూ తప్పు కాదు. నేనే చూళ్లేదు."

గుమ్మం దగ్గర మాటలు కాబట్టి ముందు బెంచీల వాళ్లందరూ విన్నారు. వాళ్లలో 83.81 రాసి నాలుగు తెచ్చుకున్న శాంభవి లేచి నిలబడింది.

"మేడమ్, అయితే మాకు మార్కులు కట్ చేస్తారా?"

"చేస్తాను. అందరి పేపర్లూ మళ్లీ దిద్దుతాను. మీ ఇళ్లల్లో ఎవరికైనా కోపమొస్తే నా నంబరు ఇవ్వండి, నేనే మాట్లాడతా."

అక్కడే గోడకు రిజిస్టరు ఆనించి, రిమార్కుల గడిలో రాసింది: "కీ తప్పు. చూసుకోకుండా దిద్దింది నేను. ఇఫ్రా జవాబు సరైనది." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, రిజిస్టరు పిల్ల చేతికిచ్చింది.

"చదువు. ఎక్కడైనా తప్పుంటే చెప్పు."

ఇఫ్రా వేలు పెట్టుకుని మెల్లగా, ఒక్కో మాటా చదివింది. నవ్వలేదు, థాంక్యూ చెప్పలేదు.

"సరిగ్గానే ఉంది మేడమ్," అని రిజిస్టరు తిరిగి ఇచ్చి, తన పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.