కూర్చోబెట్టే సుబేదార్ మేజర్

నిలబడ్డ మనిషి కంటబడితే చాలు, కూర్చోబెట్టేదాకా సుబేదార్ మేజర్‌గారికి ప్రాణం ఊరుకోదు. వాళ్ళింట్లో ఫ్యాను బిగించడానికొచ్చిన మనిషి ఆ గొంతుకు హడలిపోయి నిచ్చెన మీదే కూర్చుండిపోయాడని బెటాలియనంతా చెప్పుకుంటారు.

నెలకోసారి జరిగే దర్బారులో ఈ జబ్బు మరీ ముదిరేది. జవాన్లు తమ కష్టసుఖాలు కమాండింగ్ ఆఫీసర్‌కి నేరుగా చెప్పుకునే సభ అది. ఎవడైనా లేచి నోరు తెరిచాడో లేదో, పక్కనుంచి "కూర్చో" అని పిడుగు పడేది.

పోయిన నెల ఆ పిడుగు వంటవాడి నెత్తిన పడింది. ఊళ్ళో భార్య మంచం పట్టింది, సెలవులన్నీ అయిపోయాయి, ఇంటి దగ్గరి యూనిట్‌కి బదిలీ కావాలి. హెడ్ క్లర్కు అర్జీ ముట్టుకోలేదని చెప్పబోయాడు. సగంలోనే కూర్చోవలసి వచ్చింది. అప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

ఈరోజు సుబేదార్ మేజర్‌గారి ముప్పై ఏళ్ళ సర్వీసుకు చివరి దర్బారు. వంటవాడు ఆఖరి వరుసలో మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఈ మనిషి పోతాడు, కొత్తాయనకి తన గోడు తెలియదు, అర్జీ గంగలో కలిసినట్టే.

కమాండింగ్ ఆఫీసర్ నాలుగు మంచి మాటలు చెప్పి, సుబేదార్ మేజర్‌ని మాట్లాడమన్నారు. ఆయన రాసుకొచ్చిన ఉపన్యాసం విప్పి, చూసి, మళ్ళీ మడిచేశాడు.

"మీ అందరినీ కూర్చోబెట్టాను. పైవాడి తప్పు అందరి ముందూ చెప్తే, ఆ పైవాడు మర్నాటినుంచి బతకనివ్వడు. అందుకని మీ మాట నేనే సాహెబ్ గదికి మోశాను. ఒక్కటి మిగిలింది, రేపటినుంచి మోయడానికి నేనుండను. వంటవాడా, లే."

వంటవాడు లేచాడు.

"సాహెబ్, ఇతని బదిలీ అర్జీ నేనే దర్బారులో పెడుతున్నాను. మినిట్స్‌లో రాయించండి."

హెడ్ క్లర్కు మొహం పాలిపోయింది. మినిట్స్ పుస్తకానికెక్కిన మాటకు వచ్చే దర్బారులో అందరి ముందూ జవాబు చదివి తీరాలి. కలం మాత్రం కదిలింది. బదిలీ ఉత్తర్వు రికార్డ్స్ ఆఫీసు నుంచి రావాలనీ, తానే రాస్తాననీ, ఈలోగా ప్రత్యేక సెలవు మీద రేపే ఇంటికి వెళ్ళమనీ కమాండింగ్ ఆఫీసర్ అన్నారు. భార్య బాగుపడుతుందని ఎవరూ అనలేదు. కనీసం పక్కన ఉంటాడు, వంటవాడికి అదే కొండంత ఊరట.

ఆనవాయితీ ప్రకారం సుబేదార్ మేజర్‌ని పూలదండలతో జీపెక్కించి, ముందు తాళ్ళు కట్టి, గేటుదాకా జవాన్లే లాగసాగారు. నాలుగడుగులు కదిలిందో లేదో జీపు మొరాయించింది. బ్రేకు వేయలేదని డ్రైవరు ఒట్టేశాడు. సుబేదార్ మేజర్ దిగి వెనక్కి వెళ్ళి చూశాడు. వంటవాడు రెండు చేతులతో జీపును పట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి, వెనక్కి లాగుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"తోస్తున్నాను సాబ్," అన్నాడు వంటవాడు, కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదలకుండా.