మూడో అధ్యాయానికీ ఐదో అధ్యాయానికీ మధ్య

ఏటా స్ఫటికాల పాఠం చెప్పే రోజు వచ్చిందంటే నాకు క్లాసుకు పోబుద్ధి కాదు. పాఠం కష్టమని కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పాఠం నాకు నేర్పింది ఒక అక్క. ఆ అక్కకు నేను చేసింది ఆ రోజు గుర్తొస్తుంది, అందుకు.

అక్క అంటే తోడబుట్టినది కాదు. యూనివర్సిటీలో ఇద్దరం ఒకే సార్ కింద పీహెచ్‌డీ చేశాం. ఆమె నాకు ఏడాది సీనియర్. మహబూబాబాద్ వైపు గూడూరు దగ్గర, అడవి అంచున ఉన్న తండా ఆమెది. ఇంటికి ఫోన్ చేస్తే తండా భాష, మాతో తెలుగు, సార్ ముందు మాత్రం మౌనం. నేను భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. సార్‌ది జనగామ వైపు భూములున్న కుటుంబం. ఉద్యమం జోరు మీదున్న రోజులవి. పొద్దున శిబిరంలో మైకు పట్టుకుని మనకు జరిగిన అన్యాయం గురించి సార్ మాట్లాడుతుంటే విన్నవాళ్లకు కళ్లలో నీళ్లు తిరిగేవి. అబద్ధం ఎందుకు, నాకూ తిరిగాయి.

అక్కకు అప్పుడు ఒకటే ఆరాటం. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పేది. జూన్‌కల్లా పీహెచ్‌డీ పట్టా తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు, తేకపోతే వేరేవాళ్లను తీసుకుంటామన్నారు. తండాలో డిగ్రీ దాటి చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. జూన్ అనే మాట వింటే ఆమె ముఖం బిగుసుకుపోయేది.

ఆమె చేసిన పదార్థం ఇనుమూ, ఆక్సిజనూ, ఇంకో అరుదైన లోహమూ కలిసిన ఒక పొడి. దాన్ని రూపాయి బిళ్లలా ఒత్తి, కొలిమిలో పది గంటలు ఆగకుండా కాల్చాలి. అది ఫెర్రోఎలక్ట్రిక్ అని చూపించడం సార్ కోరిక. అంటే వోల్టేజీ ఏమీ పెట్టకుండానే దానిలో ఒక కొసన ప్లస్, ఎదుటి కొసన మైనస్ ఉండాలి. బయటి నుంచి వోల్టేజీ పెడితే ఆ దిక్కు తిరగబడాలి. అది తిరగబడినప్పుడు గ్రాఫు మీద ఒక లూప్ గీయబడుతుంది. ఆ లూప్ కోసమే అక్క నాలుగేళ్లు తిప్పలు పడింది.

సరిగ్గా ఆమె ఆఖరి బిళ్లలు కాల్చే సమయానికి బొగ్గు గనుల్లో సమ్మె. మా బాపు కూడా సమ్మెలోనే ఉన్నాడు. బొగ్గు లేదు, కరెంటు లేదు. కొలిమి ఎర్రబడే సమయానికి కరెంటు పోయేది. అక్క తల పట్టుకుని కూర్చునేది. "మీ బాపుకు చెప్పరాదు తమ్మీ, గీ ఒక్క రోజు బొగ్గు తీయమని" అని నవ్వింది ఒకసారి. ఆ నవ్వులో ఏడుపే ఎక్కువ. మూడుసార్లు చెడిపోయి, నాలుగోసారి బిళ్ల సగం సగం కాలి, లోపల సందులతో గుల్లగా వచ్చింది. ఇంకో బిళ్ల చేయడానికి పొడి మిగల్లేదు. ఇక దాన్నే హైదరాబాద్ తీసుకుపోయి కొలిపించాం. లూప్ వచ్చింది. సార్ పండగ చేసుకున్నాడు. నెల తిరక్కుండా పేపర్ రాసి పంపాడు, తన పేరు ముందు పెట్టుకుని.

నాకేమో థీసిస్ అచ్చుతప్పులు చూసే పని పడింది. మూడో అధ్యాయంలో ఆ స్ఫటికం బిందు గ్రూపు, అంటే సౌష్ఠవాన్ని బట్టి అది చేరే వర్గం, mmm అని ఉంది. ఐదో అధ్యాయంలో లూప్ ఉంది. ఏదో తిరకాసు ఉందనిపించి అడిగాను. అక్క ల్యాబ్ తలుపు దగ్గరికి వేసి, ఒక బిళ్ల చేతిలోకి తీసుకుంది.

"గిది ఒక్కటే స్ఫటికం అనుకో తమ్మీ. నడిమిట్ల ఒక బిందువున్నది. గా బిందువుకు ఈ పక్క ఎంత దూరంల ఏ పరమాణువున్నదో, సరిగ్గ ఎదురుగ అంతే దూరంల అసొంటి పరమాణువే ఉన్నది. గదే సౌష్ఠవ కేంద్రం. ఇప్పుడు మీదికెళ్లి, కిందికెళ్లి ఒత్తినవ్. మీద ప్లస్ వచ్చింది అనుకో. ఇగ గా బిందువు గుండ అన్నిటిని ఎదురు పక్కకు పంపు. ఏం మారింది?"

"స్ఫటికం మారలే."

"ఒత్తుడు?"

"రెండు దిక్కులకెళ్లి ఒత్తుతున్నం గద. అదీ మారలే."

"కని ప్లస్ కిందికి పోయింది. అదే స్ఫటికం, అదే ఒత్తుడు. మరి ప్లస్ మీద రావాల్నా, కింద రావాల్నా?"

"రెండు దిక్కుల రాలేదు అక్కా. సున్నా రావాలె."

"గంతే. కేంద్రం ఉన్నదాన్ని ఎంత ఒత్తినా కరెంటు పుట్టది. ఇగ తనంతట తాను ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్ ఉండుడు అసలే కుదరది. తిప్పుదామంటే అండ్ల దిక్కే లేదు."

తర్వాత కాయితం మీద లెక్క వేసి చూపించింది. స్ఫటికాల సౌష్ఠవాలన్నీ ముప్పై రెండు బిందు గ్రూపుల్లోనే ఇముడుతాయి. పదకొండింటికి కేంద్రం ఉంది, అవి పోయాయి. మిగిలిన ఇరవై ఒకటిలో 432 అనే ఘనాకార గ్రూపుకు కేంద్రం లేకపోయినా, దాని భ్రమణాలే ఆ ప్రభావాన్ని మొత్తం చెరిపేస్తాయి. కాబట్టి ఒత్తితే కరెంటు పుట్టేవి ఇరవై. ఆ ఇరవైలో పదింటికే తమకంటూ ఒక దిక్కు ఉంటుంది. ఫెర్రోఎలక్ట్రిక్ ఆ పదిలోంచే రావాలి, పైగా ఆ దిక్కు వోల్టేజీకి తిరగబడాలి. క్వార్ట్జ్‌ను ఒత్తితే కరెంటు వస్తుంది గానీ అది ఆ పదిలో లేదు, ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. బేరియం టైటనేట్ బాగా వేడిగా ఉన్నప్పుడు కేంద్రం ఉన్న ఘనమే. చల్లారాక నడుమ ఉన్న టైటానియం పక్కకు జరిగి, కేంద్రం పోయి, అప్పుడు ఫెర్రోఎలక్ట్రిక్ అవుతుంది. అక్క పదార్థం mmm. పదకొండింటిలో ఒకటి.

"మరి గా లూప్ ఏంది?"

"బిళ్ల గుల్ల గద తమ్మీ, కరెంటు కారుతున్నది. కారిన కరెంటును గూడ మిషన్ లెక్కల కలిపింది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే ఇంకింత ఉబ్బుతున్నది చూడు. కొసలు గుండ్రంగున్నయి. అసలుదైతే కొసలు వాడిగుంటయి."

ఆదివారం ఇద్దరం జనగామలో సార్ ఇంటికి పోయాం. చాయ్ వచ్చింది. అక్క మెల్లగా అంతా చెప్పింది. సార్ సాసర్‌లో చాయ్ పోసుకుంటూ విన్నాడు.

"లూప్ వచ్చిందా లేదా?"

"వచ్చింది సార్, కని..."

"మిషన్ అబద్ధం చెప్తదా?"

"వోల్టేజీ పెట్టి, తర్వాత మీటర్ల ఒత్తి గూడ చూసినం సార్. సున్నా వచ్చింది."

"మీకు పోలింగ్ సరిగ్గ చేయరాలే. రేణువులన్నీ తలో దిక్కు చూస్తుంటె సున్నా రాక ఏమొస్తది?"

ఆ మాట వరకు తప్పు కాదు. నిజమైన ఫెర్రోఎలక్ట్రిక్ బిళ్ల అయినా, ముందు వోల్టేజీతో రేణువులన్నిటినీ ఒక దిక్కుకు మళ్లించకపోతే, పోలింగ్ అంటే అదే, సున్నాయే చూపిస్తుంది. కానీ బిందు గ్రూపు సంగతేమిటి? అక్క అదే అడిగింది. సార్ నవ్వాడు.

"అయితే గ్రూపు మార్చు. mm2 అని రాయి. అది ఆ పదిట్ల ఉన్నది గద. పొడి మీద తీసిన ఎక్స్‌రేతోని గీ తేడా ఎవడు పడతడు?"

"ఆ గ్రూపుతోని గూడ ఎక్స్‌రే లెక్క ఫిట్ చేసి చూసిన సార్, రవ్వంత గూడ మెరుగు కాలే. లూప్ ఒక్కటి తప్పితె ఏ సాక్ష్యం లేదు. ఉన్న కేంద్రాన్ని లేదని నేనెట్ల రాస్త?"

ఆమె సార్‌కు ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. సార్ సాసర్ కింద పెట్టాడు.

"రాయకు. నీ మూడో అధ్యాయం నీ ఇష్టం. ఐదోది మాత్రం తియ్యద్దు. పేపర్ అచ్చయింది, నా పేరున్నది దాని మీద. తీస్తె నేను సంతకం పెట్ట." అని నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్‌రా?"

"మీరు చెప్పినట్టే సార్" అన్నాను. అంత సులువుగా వచ్చింది ఆ మాట, నా నోరు పడిపోను. నా పీహెచ్‌డీ గడువు పొడిగింపు కాయితం సంతకం కోసం ఆయన టేబుల్ మీద ఉంది.

థీసిస్ రెండు అధ్యాయాలతోనూ వెళ్లింది. వైవా బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడి మే నెలలో జరిగింది. పరీక్షించడానికి ఎక్కడో దూరం నుంచి వచ్చిన పెద్దాయన, కఠినుడు కాదు, చాలా మర్యాదగా మాట్లాడాడు. రెండు పేజీల మధ్య రెండు వేళ్లు పెట్టుకుని అడిగాడు.

"అమ్మా, ఇక్కడ mmm అన్నారు. ఇక్కడ ఫెర్రోఎలక్ట్రిక్ అన్నారు. రెంటిలో ఏది నమ్మమంటారు?"

"మూడో అధ్యాయం నమ్మండి సార్" అంది అక్క.

"మరి ఐదో అధ్యాయం ఎందుకు పెట్టారు?"

అక్క సార్ వైపు చూసింది. సార్ గొంతు సవరించుకున్నాడు. "తీసెయ్యమని నేను అప్పుడే చెప్పినండి. వినలే. పిల్లలకు తొందర ఎక్కువ."

గ్రూపు మార్చి రాసి ఉంటే ఆ పెద్దాయనకు అనుమానమే వచ్చేది కాదు. నిజం రాసిన అధ్యాయమే ఆమెను పట్టించింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దాయన వదల్లేదు. "ఈమెతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఈ సందేహం మీ ముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని వెనక కూర్చున్న మా వైపు చూశాడు. అక్క కూడా చూసింది, నన్నే. నేను తేలు కుట్టిన దొంగలా నోట్‌బుక్కులో తల పెట్టుకుని ఏదో రాస్తున్నట్టు నటించాను. ఏమీ రాయలేదు. పెన్నుకు మూత కూడా తియ్యలేదు.

ఐదో అధ్యాయం మళ్లీ చేసి థీసిస్ తిరిగి ఇమ్మన్నారు. జూన్ వచ్చింది, పోయింది. మహబూబాబాద్ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. అక్క కొలిమి దగ్గరికి మళ్లీ రాలేదు. రమ్మని నేను పిలవలేదు, ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాను? నా కాయితం మీద సంతకం పడింది. తర్వాత రాష్ట్రం వచ్చింది. సార్‌కు పెద్ద కుర్చీ వచ్చింది, నాకు చిన్నది వచ్చింది. ఆ పేపర్‌ను ఆయన ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు.

మూడేళ్ల కిందట చిట్యాలలో బస్సు కోసం నిలబడి ఉంటే "ఏం తమ్మీ" అని వినిపించింది. అక్కే. అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్స్ చెప్తోందట. బాగా చిక్కిపోయింది. మా పిల్లల గురించి, మా బాపు గురించి అడిగింది. వైవా ఊసెత్తలేదు. నేనే ఉండబట్టలేక ఎత్తాను.

"అక్కా, ఆనాడు నాకు సార్ సంతకం కావాల్సుండె. లేకుంటె నా సీటు పోతుండె. గందుకే నోరు లేవలే."

అక్క చేతిలో ఉన్న పిల్లల జవాబు పత్రాల కట్ట సర్దుకుంది.

"నాకు గూడ గదే సంతకం కావాల్సుండె తమ్మీ" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.