మడిచీర, మనవడి నిక్కరు

మా మనవడికి ఐదేళ్ళు నిండిన ఏడాది మా ఇంట్లో దేవుడి కంటే ఎక్కువగా తలుచుకున్నది వాడి నిక్కరునే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు ముక్కు మీద కోపం. అసలే నేను ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించిన దాన్ని. పిల్లల గురించి నాకు తెలియనిది ఉంటుందని ఎవరైనా అంటే ఒప్పుకునే రకాన్ని కాదు.

తిరుపతిలో మా ఇంట్లో పొద్దున వంట మడితో జరుగుతుంది. నేను తలస్నానం చేసి, ముందురోజు ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన చీర కర్రతో తీసి కట్టుకుంటాను. నైవేద్యం అయ్యేదాకా నన్నెవరూ తాకకూడదు. మా అబ్బాయి శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్ళిపోతాడు. కోడలిది ఏర్పేడు దగ్గర కాలేజీలో ఆఫీసు పని, ఎనిమిదింటికల్లా బయలుదేరుతుంది. కాబట్టి పొద్దుటిపూట పిల్లవాడి బాధ్యత నాది, మా ఆయనది. మా ఆయన బాధ్యత అంటే పేపరు చదవడమే లెండి. వాడు మాత్రం వంటింటి గడప అవతల పీట వేసుకుని, నైవేద్యం అయిన వెంటనే తొలి ముద్ద కోసం కాచుకుని ఉండేవాడు. ఆ ముద్ద నేను పైనుంచి వాడి చేతిలో వేసేదాన్ని.

చిత్తూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళి వచ్చాక కథ మొదలైంది. కల్యాణ మండపంలో బాత్రూము చూసి వాడు లోపలికి అడుగు పెట్టనన్నాడు. అక్కడున్న రెండు రోజులూ బిగబట్టుకున్నాడు. ఇంటికొచ్చాక గట్టిగా వచ్చింది, కాస్త నెత్తురు కూడా కనిపించింది. వీధి వీధంతా వినబడేట్టు ఏడ్చాడు. వాళ్ళమ్మ కొబ్బరినూనె రాసింది. తెల్లారేసరికి మేమందరం మరిచిపోయాం. వాడు మరవలేదు.

ఆ తర్వాత బాత్రూములో కూర్చోమంటే పరుగే పరుగు. తలుపు చాటున నిలబడి, కాళ్ళు కత్తెరలా వేసుకుని, మునివేళ్ళ మీద లేచి, మొహం ఎర్రగా చేసుకునేవాడు. పాపం ముక్కుతున్నాడనుకుని "బాత్రూంలోకి పోరా నాయనా" అని నేను తరిమేదాన్ని. కొన్ని వారాలకు నిక్కరుకి మరకలు మొదలయ్యాయి. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు, పల్చగా.

ఇక నా తెలివి చూడండి. పల్చగా పోతున్నాడంటే బేదులు కదా! ఆకుకూరలు మానిపించాను. బొప్పాయి ముక్క ముట్టనివ్వలేదు. దానిమ్మ తొక్క కషాయం కాచాను, సగ్గుబియ్యం జావ పోశాను, అరటికాయ కూర, మజ్జిగన్నం తప్ప ఇంకోటి పెట్టలేదు. కోడలు "అత్తా, ఒకసారి డాక్టరుకి చూపిద్దామా" అంటే, "బేదులకి డాక్టరెందుకమ్మా, నేను నలుగుర్ని పెంచినాను" అని నోరు మూయించాను. పైగా నెల తిరగకుండానే వాడి తిండి తగ్గి, పొట్ట ఉబ్బితే, దిష్టి కూడా తీశాను.

దానికి తోడు వాసన. మడిలో ఉండగా వాడు గడప దగ్గరికి వస్తే "దూరం, దూరం" అని గరిటెతో సైగ చేసేదాన్ని. ఛీ అన్నాను. సిగ్గు లేదా అన్నాను. ఇంత పెద్దవాడివి, తెలిసే చేస్తున్నావన్నాను. వాడు "నాకు తెలీలేదవ్వా" అనేవాడు. అబద్ధాలు కూడానా అని ఇంకో నాలుగు తిట్లు వడ్డించేదాన్ని. మెల్లగా పీట దగ్గరికి రావడం మానేశాడు. తొలి ముద్ద వద్దన్నాడు. బడిలో పక్క పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారని, కొన్నాళ్ళు పంపకపోతే మంచిదని టీచరమ్మ ఫోన్ చేసింది.

నిక్కర్లు మాయమవడం మొదలైంది. ఒకటి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల దొరికింది. ఒకటి బియ్యం డ్రమ్ము వెనకాల. ఒకరోజు వాన పడుతుంటే మా ఆయన గోడకున్న పాత గొడుగు తీసి, గడప దాటి, దర్జాగా తెరిచాడు. మిగతాది మీరే ఊహించుకోండి. ఆయన నడివీధిలో నిలబడి "ఏందే ఇది" అని కేక పెట్టాడు. నాకు నవ్వాగలేదు. వెనక్కి తిరిగితే పిల్లవాడు మంచం కింద దూరి ఉన్నాడు. పిలిస్తే బయటికి రాడు. వాడు ఏడవడం లేదు. దెబ్బ పడుతుందని ఎదురుచూస్తున్నట్టు చెవులు మూసుకుని ఉన్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నేనెప్పుడూ వాడి మీద చెయ్యెత్తలేదు, మరి ఈ భయం ఎక్కణ్ణించి వచ్చిందని మొదటిసారి నన్ను నేను అడుక్కున్నాను.

ఆ శనివారం కోడలు, నేను వాణ్ణి తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చిన్నవయసు అమ్మాయి. నేను బేదుల కథంతా చెప్పాను, కషాయంతో సహా. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. గట్టిగా పోయి ఎన్నాళ్ళయిందని, ఎలా నిలబడతాడని అడిగింది. వాణ్ణి పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసి, నా వైపు తిరిగింది.

"ఈడ చెయ్యి పెట్టి చూడండమ్మా."

ఎడమవైపు, బొడ్డు కింద, నా అరచేతికి గట్టిగా ముద్ద తగిలింది.

"ఇది బేదులు కాదమ్మా, మలబద్ధకం. కాలవకి రాయి అడ్డం పడితే నీళ్ళు పక్కల నుంచి కారతాయి కదా, అట్లా. గట్టిపడిన మలం ఆడ్నే నిలిచిపోయినాది. పల్చటిది దాని పక్కనుంచి జారిపోతా ఉండాది. పేగు సాగిపోయి వీడికి వచ్చేది తెలీదు. వీడు తెలీలేదంటే నిజంగానే తెలీలేదు. ఆ తలుపు చాటున ముక్కేది కూడా పోయేదానికి కాదు, ఆపుకునేదానికి."

నా చెయ్యి ఇంకా వాడి పొట్ట మీదే ఉంది. వాణ్ణి ఇలా తాకి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోబోయి మానేశాను.

డాక్టరమ్మ వాడి పక్కన కూర్చుని అడిగింది. "నిక్కర్లో అయిపోతే ఎవరికి చెప్తావు నాయనా?"

"ఎవురికీ చెప్పను."

"అవ్వకు చెప్పవా?"

వాడు నన్ను చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అవ్వ మడి కట్టుకొని ఉంటాది. నేను మురికి."

నేను మురికి అన్నాడు. నిక్కరు అనలేదు. అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. కోడలు నన్నొక మాటంటే బాగుండుననిపించింది. బడిలో పనిచేసిన రోజుల్లో ఇలాగే వాసన వచ్చే ఒక పిల్లను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. క్రమశిక్షణ అనుకున్నాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది. క్షమాపణ చెప్పడానికి తను ఎక్కడుందో తెలియదు.

డాక్టరమ్మ నీళ్ళలో కలిపి తాగించే పొడి ఇచ్చింది. ముందు కొన్ని రోజులు ఎక్కువ మోతాదు, లోపల పేరుకున్నది పోయేదాకా. అప్పుడు ఇంకా ఎక్కువ అవుతుంది, భయపడొద్దంది. నిజమే, ఆ నాలుగు రోజులూ ఇల్లంతా బాత్రూమే. తర్వాత తక్కువ మోతాదులో కొన్ని నెలలు, బాగయిందని మధ్యలో మానకూడదు. అలవాటైపోతుందేమోనన్న కోడలికి, ఇది అలవాటయ్యే మందు కాదని, సాగిన పేగు మళ్ళీ దగ్గరపడడానికి టైము పడుతుందని చెప్పింది. తిన్నాక పేగు తనంతట తాను కదులుతుంది కాబట్టి పొద్దున, రాత్రి భోజనాల తర్వాత ఐదు పది నిమిషాలు కమోడ్ మీద కూర్చోబెట్టాలి. మోకాళ్ళు పైకి ఉండేట్టు కాళ్ళ కింద పీట వెయ్యాలి. వచ్చినా రాకపోయినా, కూర్చున్నందుకే మెచ్చుకోవాలి. ఛీ అన్న మాట ఇంట్లో వినబడకూడదు. చివరి షరతు చెప్పేటప్పుడు ఆమె నా వైపే చూసిందని నా అనుమానం.

ఇంటికొచ్చి వాడికి ఒకటే మాట చెప్పాను. "తప్పు నీది కాదు రా. అవ్వకు తెలీక తిట్టినాను." వాడు నమ్మినట్టు కనిపించలేదు. అయినా ఎందుకు నమ్మాలి?

కోడలు బడికి వెళ్ళి టీచరమ్మతో మాట్లాడింది. సంచిలో ఇంకో జత బట్టలు, అడక్కుండానే బాత్రూముకి వెళ్ళే అనుమతి. ఆవిడ కూడా మంచిదే, నాలాగే తెలియక చేసింది. బొప్పాయి, ఆకుకూరలు, చెంబుల కొద్దీ నీళ్ళు మళ్ళీ ఇంట్లోకొచ్చాయి. పొద్దున పూజ ఒక గంట ఆలస్యంగా పెట్టుకున్నాను. ముందు వాడి టిఫిను, తర్వాత వాడి సింహాసనం. నేను బాత్రూము గుమ్మంలో నేల మీద కూర్చుని కథ చెప్పేదాన్ని. మొదటి వారం వాడు నా చెయ్యి వదలకుండా వణికాడు. రెండో వారం కాళ్ళు ఊపడం మొదలుపెట్టాడు. ఒకరోజు మెత్తగా, నొప్పి లేకుండా వచ్చింది. వాడు వంగి చూసి, "అవ్వా, నొప్పే లేదు!" అన్నాడు ఆశ్చర్యంగా. మా ఆయన పేపరు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఇంత పెద్దవాళ్ళం దీనికి ఇంత మురిసిపోవడం చూస్తే పక్కింటివాళ్ళు ఏమనుకునేవాళ్ళో.

మూడు నెలలు గడిచాయి. మరకలు బాగా తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా అయితే మాత్రం ఇంకా దాచేస్తూనే ఉన్నాడు. నాకు మరకతో పేచీ లేదు, ఆ దాచడమే గుండెలో ముల్లు. వాడి కడుపు బాగుపడుతోంది. నా మీద నమ్మకం మాత్రం వెనక్కి రాలేదు.

ఒక ఆదివారం పొద్దున మడిచీర కట్టుకుని పులిహోర కలుపుతున్నాను. గడప అవతల ఎవరో నిలబడినట్టనిపించి చూస్తే వాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"అవ్వా, నువ్వు మడిలో ఉండావు కదా, ఈడ్నించే చెప్తా. కొంచెం అయిపోయినాది."

పొయ్యి ఆర్పాను. గడప దాటి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు బెదిరిపోయి చెయ్యి లాక్కోబోయాడు.

"మడి పోతాదవ్వా!"

"పోనీలేరా. మళ్ళీ నీళ్ళు పోసుకుంటాను."

"నాకోసరం రెండుసార్లా?"

"మూడుసార్లయినా పోసుకుంటాను."

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత నన్ను బాత్రూము వైపు లాగుతూ అన్నాడు.

"అయితే ముందు నాకు నీళ్ళు పొయ్యి. నాకే అర్జెంటు."