లారీకి కట్టే కాయలు

మా మావయ్యగారి కంటికి శుక్లం ఆపరేషన్ అయిన వేసవిలో నిమ్మకాయల పెత్తనం నా చేతికొచ్చింది. పదిహేనేళ్ళుగా ఆ పెత్తనం కోసం కాచుకుని కూర్చున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాచర్లలో మా వీధి చివర మసీదుంది. రంజాన్ నెలాఖర్లో ఒకరోజు ఇఫ్తారుకు నిమ్మ షర్బత్ మా ఇంటి నుంచే వెళ్తుంది. మావయ్య లారీ డ్రైవరుగా, మసీదు పక్క షెడ్డులో ఆయన దోస్తు చాచా లారీ మెకానిక్కుగా ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరూ మొదలెట్టిన ఆనవాయితీ అది. మాచర్ల ఎండలో పొద్దుటినుంచీ చుక్క నీళ్ళు ముట్టని వందమంది ఖర్జూరం నోట్లో వేసుకుని తాగే షర్బత్. అది బాగోకపోతే మా ఇంటి పరువు పోయినట్టే. పైగా చాచాకి మొహమాటం లేదు. ఒక ఏడాది పంచదార తగ్గిందని మళ్ళీ రంజాన్ వచ్చేదాకా దెప్పాడు.

అందుకే కాయలు ఏరే పని మావయ్య ఎవరికీ ఇచ్చేవారు కాదు. నేను వెళ్తానంటే "నీకు తెలవదులేమ్మా" అనేవారు. డిగ్రీ చదివినదాన్ని, ఇల్లు నడుపుతున్నదాన్ని, నాకు నిమ్మకాయ కొనడం తెలియదట! ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు ఆయన కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంకేముంది, షర్బత్ రోజుకు అయిదు రోజుల ముందే సంచీ పట్టుకుని మార్కెట్‌కి బయల్దేరాను. ఒక్కో కాయనీ ఎంచి ఎంచి తీసుకున్నాను. కోడిగుడ్డంత కాయలు, పచ్చగా నిగనిగలాడుతూ, గట్టిగా, ఒక్క మచ్చ లేకుండా. వంద నిండడానికి ఓ పాతిక చిన్న పసుపు కాయలు వేశాడు కొట్టువాడు. వాటిని చూసి మొహం చిట్లించాను కూడా. ఇంటికొచ్చి, గాలి తగిలితే పాడవ్వవని వెదురుబుట్టలో పోసి డాబా మీద పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

షర్బత్ రేపనగా బుట్ట తెచ్చి మావయ్య ముందు పెట్టాను. మెచ్చుకుంటారనే. ఆయన చూడలేదు, రెండో కంటికీ శుక్లమే, చూసే వీలు లేదు కదా. ఒక పెద్ద కాయ తీసుకుని అరచేతిలో అటూ ఇటూ తూచారు. బొటనవేలితో నొక్కారు. గోటితో తోలు మీద గీశారు. ఇంకోటి తీశారు. ఇంకోటి.

"ఏమ్మా, ఇవి షర్బత్‌కా, లారీకి కట్టడానికా?"

"అదేంది మావయ్యా, అంత మంచి కాయలు!"

"మంచివేలే. దిష్టికి చానా మంచివి. తోలు మందం, లోపల బెండు. రసం కాయ చేతిలో బరువు తెలవాల. ఇది చూడు, దూది ఉండలాగుంది."

నాకు రోషం పొడుచుకొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద కాయ కోసి బలమంతా పెట్టి పిండాను. చెంచా నిండలేదు. తోలు మాత్రం నా చిటికెనవేలంత మందం ఉంది. కోపంతో దాన్ని మెలిపెట్టి పిండితే మరో నాలుగు చుక్కలు రాలాయి. నాకి చూస్తే చేదు. తోలులో చేదంతా దిగింది మరి.

"ఆ చిన్నవి ఉన్నాయిగా మావయ్యా" అన్నాను, ఈసారి గొంతు తగ్గించి.

ఆయన ఓ పసుపు కాయ పట్టుకుని నిట్టూర్చారు. "ఇవి బంగారం లాంటియ్యి. వీటినీ డాబా మీద ఎండబెట్టావు. కవర్లో వేసి, మూతి కట్టి ఫ్రిజ్‌లో పెడితే నెలైనా ఉండేయి. ఇప్పుడు చూడు, చెప్పు తోలయినాయి."

ఆ ఏడు నిమ్మకాయ ధర నిప్పులా ఉంది. ఇంకో వంద కొనే మాటే లేదు. ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, కొంచెం ఏడ్చాను కూడా. పదిహేనేళ్ళు నేను వాదించింది ఈ బెండు కోసమా! మావయ్య చేతిలో కాయ బుట్టలో పడేసి, "లారీ స్టాండు కాడ దిష్టికాయలు గుచ్చే పెద్దమ్మ ఉంటది. నా పేరు చెప్పు. ఎల్లుండి అమాస. ఆమెకి ఇట్టాంటియ్యే కావాల" అన్నారు.

పెద్దమ్మ చెట్టు నీడన కూర్చుని నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క కలిపి తీగకు గుచ్చుతోంది. నా సంచీలోకి తొంగి చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "అబ్బ! ఎట్టా ఏరావమ్మా ఇట్టాంటియ్యి? వారం యేలాడినా వాడవు!" నా జీవితంలో నిమ్మకాయల విషయంలో దొరికిన మొదటి మెప్పు అది.

ఆమె వెనకాల గోనెసంచీలో చిన్న పసుపు కాయలున్నాయి. తోలు పల్చన, నున్నన. తీగకు గుచ్చితే రెండ్రోజుల్లో కారి కుళ్ళిపోతాయని పక్కన పడేసినవట. కాయకు కాయ మారకానికి వెంటనే ఒప్పుకుంది. నేను మళ్ళీ వంగి మచ్చ లేనివి ఏరబోతుంటే చేతిమీద ఒక్కటిచ్చింది.

"కళ్ళతో ఏరి ఏరి ఈడకొచ్చావుగా. కళ్ళు మూసుకోవే! రెండు చేతుల్లో రెండు పట్టుకో. ఏది బరువుంటే అది సంచీలో ఎయ్యి."

పట్టపగలు లారీ స్టాండులో, దిష్టికాయల మధ్య, కళ్ళు మూసుకుని, రెండు చేతుల్లో రెండు నిమ్మకాయలు పట్టుకుని కూర్చున్నాను. డ్రైవర్లు దూరం దూరంగా జరిగి వెళ్తున్నారు. ఒకడైతే "అమ్మా, మా బండికి ఏమన్నా దోసముందా?" అని చేతులు జోడించి అడిగాడు. పెద్దమ్మ వాడికి నా పెద్దకాయ ఒకటి అమ్మింది. డెబ్బై పైచిలుకు కాయలు ఏరేసరికి మెడ పట్టేసింది గానీ, చేతికి తేడా తెలిసిపోయింది. ఒకే సైజు కాయలు, ఒకటి గాలి, ఒకటి నీరు. ఇన్నాళ్ళూ ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదేమని మావయ్య మీద కోపమొచ్చింది. చెప్తే నేను వినేదాన్నా అంటే, వినేదాన్ని కాదు.

స్టాండులో జరిగిందంతా మావయ్యకి చెప్పి, కొత్త కాయల్ని ఆ రాత్రికి కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం వాటితోపాటు నేను చెప్పుతోలు చేసిన పాతికనీ గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట నానేశాను. తర్వాత నాపరాయి మీద అరచేత్తో అదిమి దొర్లించాను. రాయిలాంటివి బుగ్గల్లా మెత్తబడ్డాయి. కోసి పిండితే రసం మణికట్టు దాకా కారింది. ఎండిన పాతిక కూడా పాపం తమకు చేతనైనంత ఇచ్చాయి. పక్కనే కుర్చీలో మావయ్య, "మరీ మెలిపెట్టి పిండమాక, చేదొస్తది" అని ప్రతి పదో కాయకీ గుర్తుచేస్తూనే ఉన్నారు. చిరాకేసింది. కానీ ఒక్క కాయనీ మెలిపెట్టలేదు.

పొద్దు గుంకేముందు సబ్జాగింజలు వేసిన షర్బత్ డ్రమ్ము మసీదుకు చేరింది. అజాన్ వినిపించింది. మావయ్యని చెయ్యిపట్టి మసీదు గేటు దాకా తీసుకెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి చాచా గ్లాసు పట్టుకునే బయటికొచ్చాడు. ఒక గుక్క తాగాడు. ఆగాడు. గ్లాసు ఖాళీ చేసి, మావయ్య నల్లద్దాల వంక చూసి నవ్వాడు.

"ఏంది భాయ్, ప్రతేడు కంటే ఈసారే బాగుంది. కళ్ళు మూసుకుని ఏరావా ఏంది?"

చాచా వెనక షెడ్డులో రిపేరుకొచ్చిన లారీ బంపరుకు నా కోడిగుడ్డంత కాయ ఒకటి వేలాడుతోంది. నేను దానికేసి చూడకుండా నేలచూపులు చూస్తున్నాను.

"నేను కాదు, మా కోడలు" అన్నారు మావయ్య, నా చెయ్యి వదలకుండా. "కళ్ళు మూసుకుని ఏరింది."