బీరప్ప పెట్టె

"రెండు పెట్టెలూ ఒక్క తీరుగనే ఉండె తమ్మీ. ఒక్కోటి ఇరవై కిలోలు. ఒకటి నాది, ఒకటి బీరప్పది."

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు మీద తాజుద్దీన్‌ది పంక్చర్ల దుకాణం. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ చెప్తున్నాడు. ఎనభై తొమ్మిదిలో రియాద్ నుంచి తిరిగొచ్చిండు. అంతకు ముందు నెలే, అతని గదిలో ఉండే బీరప్ప కట్టే బిల్డింగు మీదినుంచి పడి చచ్చిపోతే అక్కడే మట్టి చేసిన్రు. ఇంటికి రావాల్సింది ఆయన పెట్టె ఒక్కటే. అందులో ఒంటి బట్టలు, ఊరినుంచి తీసుకపోయిన నల్ల గొంగడి.

"టికెట్ అమ్మినోడు సామాన్ల కిరాయి ముచ్చటే ఎత్తలే. నేనడిగితే 'ఎన్నైనా తీస్కపో భాయ్' అన్నడు. ఏర్‌పోర్టుల తూకం మీద పెట్టినంక, కౌంటర్ల ఉన్నోడు టికెట్ మీద పెన్నుతోని పొడిచి చూపెట్టిండు. ఇరవై కిలోలే అని రాసుందట. ఇంగ్లీషు నాకేమొస్తది? మిగిలిన ఇరవైకి కిలోకు ఇరవై రియాళ్లు కట్టుమన్నడు. నా జేబుల నూటయాభై. బతిమాలిన. 'కడ్తవా, తీస్తవా?' అంటడు. ఎన్కనుంచి ఒకడు 'చచ్చినోని పెట్టెకు గూడ కిరాయేంది భాయ్, జరుగు' అని నవ్విండు."

"నీ పెట్టెల ఏముండె?" అని అడిగిన.

"టేపురికార్డు, రెండు కంబళ్లు, మా ఇంటామె అమీరున్నీసాకు చీరలు." ట్యూబుకు సొల్యూషన్ రాసి ఊదిండు. "బీరప్పది పక్కకు నూకిన."

కొత్తకోటలో బస్సు దిగేసరికి బీరప్ప భార్య సాలమ్మ, కులపోళ్లు డప్పులతోని నిలబడున్నరు. శవం రాలేదు గనుక ఆయన బట్టలనే పాడె మీద పెట్టి సాగనంపుదామనుకున్నరు. బస్సు మీదినుంచి పెట్టె దింపంగనే ఇద్దరు భుజానికెత్తిన్రు. సాలమ్మ దాన్ని పట్టుకొని ఏడ్చింది.

"'అది నాది' అని నేనన్న. డప్పు ఆగింది. బీరప్పది ఏర్‌పోర్టోళ్లు గుంజుకున్నరని చెప్పిన."

సాలమ్మ అప్పుడు అడిగిందట: "గొంగడన్న భుజాన ఏస్కొని రాకపోతివా అన్నా? దానికెవడు కిరాయి అడుగుతడు?"

ఎవడూ అడగడు. ఆ సంగతి తాజుద్దీన్‌కు కౌంటర్ దగ్గర్నే తట్టింది.

"కొత్త ప్యాంటు, కొత్త అంగి మీదుంటి. గొర్ల వాసనొచ్చే గొంగడి కప్పుకొని ఇమానమెక్కనీకి సిగ్గయింది తమ్మీ."

ఆ మాట ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ పొద్దు గడ్డితోని బొమ్మ చేసి పూడ్చిన్రు. ఆరేండ్లయినా సాలమ్మ సంతకొచ్చినప్పుడల్లా ఈ దుకాణం ముందు కూచుంటది, పెట్టె ఏమన్న వచ్చిందా అని. ఆమె అడిగితే ఆ విమానం కంపెనీకి మూడు ఉత్తరాలు రాసింది నేనే. జవాబు రాలేదు.

తాజుద్దీన్ చేతులు తుడుచుకొని అన్నడు: "నీ రాత మంచిగుంటది. గా కంపెనోళ్లు రాసినట్టే ఒక జవాబు రాయి. పెట్టె కాలిపోయింది, ఇగ అడగొద్దని. పాలమూరు పోయి ఆమె పేరు మీద అక్కడి పోస్టు డబ్బల ఎయ్యి. మళ్ల చదివి చెప్పుమని ఆమె నీ దగ్గరికే వస్తది. ఎట్లుందో అట్ల చదువు, తమ్మీ."